మాడుకి నూనె పెట్టాలా, జుట్టుకి పెట్టాలా? చుండ్రు, రాలడం రెండూ ఉన్నాయి, సలహా కావాలి

నల్లకలువ · డిసెంబరు 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 27 ఏళ్లు. మాది నల్లగొండ, ఉద్యోగం హైదరాబాదులో. సెప్టెంబరు మొదట్లో డెంగీ వచ్చి వారం ఆసుపత్రిలో ఉన్నాను. నవంబరు మొదటి నుంచి జుట్టు రాలడం మొదలైంది. స్నానాల గది జాలీ నిండిపోతోంది, దిండు మీద, లాప్‌టాప్ మీద ఎక్కడ చూసినా వెంట్రుకలే.

అమ్మ వచ్చి నా దగ్గరే ఉంటోంది. నూనె పెట్టకపోవడం వల్లే ఇదంతా అని, వారానికి మూడు రాత్రులు ఆముదం, కొబ్బరినూనె సగం సగం కలిపి గోరువెచ్చగా చేసి మాడుకి బాగా పట్టిస్తోంది. పొద్దున కుంకుడుకాయతో తలంటు. నెల అయింది. రాలడం తగ్గలేదు సరికదా, దురద, చుండ్రు మొదలయ్యాయి. నుదుటి మీద చిన్న చిన్న మొటిమలు కూడా. అమ్మేమో "మాడు ఎండిపోయి పొట్టు రాలుతోంది, ఇంకాస్త నూనె పెట్టాలి" అంటోంది. నూనె మార్చాలా? నువ్వుల నూనె మంచిదంటారు కదా, అది వాడి చూడనా?

తెనాలి_పిన్ని · డిసెంబరు 6, రాత్రి 10:15

అమ్మాయ్, మీ అమ్మగారు చెప్పింది సబబే. మా కాలంలో శనివారం శనివారం నువ్వుల నూనె పెట్టి, సున్నిపిండితో ఒళ్లు రుద్ది, కుంకుడు పులుసుతో తలంటు పోసేవాళ్లు. నాకు 63. ఇప్పటికీ నా జడ పిడికెడు లావు ఉంది. మీరు హాస్టళ్లలో వారాల తరబడి నూనె ముట్టరు, తర్వాత ఒక్కసారిగా సీసాలు సీసాలు పోస్తారు. నువ్వుల నూనె మొదలుపెట్టు. ఒంట్లో వేడి లాగేస్తుంది.

గానుగ_ఎల్లయ్య · డిసెంబరు 7, ఉదయం 6:30

చెల్లె, నాకు పాలమూరు దిక్కు చెక్క గానుగ ఉంది, 14 ఏండ్ల నుంచి నూనెలు తీస్తున్న. నువ్వు వాడే ఆముదం ఏది? అంగట్ల తెల్లగ నీళ్ల లెక్క కనబడేదయితే పనికిరాదు. వంటాముదం వాడాలె. గింజలు వేయించి, దంచి, నీళ్లల్ల ఉడకబెడితే మీదికి తేలుతది చూడు, అది. రెండు వేళ్ల నడుమ పట్టి విడిస్తే తీగ సాగాలె. సాగకుంటే ఏదో కలిసినట్టు. కొబ్బరినూనె గూడ గానుగదే తీస్కో. చలికాలం పొద్దుగాల గడ్డ కట్టాలె. 24 డిగ్రీల కిందికి పోయినా గడ్డ కట్టకుంటే ఆ సీసాని అనుమానించు. అసలైన వంటాముదం వాడితే మూడు నెలలల్ల కొత్త జుట్టు మొలుస్తది. మా ఊర్లె అందరికీ తెలుసు.

శ్రీను_1985 · డిసెంబరు 7, ఉదయం 8:05

నాకూ ఇదే సమస్య. నుదుటి రెండు పక్కలా జుట్టు వెనక్కి పోయింది, నడినెత్తి మీద పలచబడింది. రెండేళ్ల నుంచి ఆముదం రాస్తున్నాను, ఏం మారలేదు. ఎల్లయ్యగారూ, మీ వంటాముదం లీటరు ఎంత? కొరియర్ చేస్తారా?

బెజవాడ_చర్మవైద్యురాలు · డిసెంబరు 7, మధ్యాహ్నం 1:20

నల్లకలువా, తల చూడకుండా నిర్ధారణ చేయలేను. కానీ మీరు రాసినదాన్నిబట్టి ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. వాటిని విడదీసి చూడాలి.

మొదటిది రాలడం. పెద్ద జ్వరం వచ్చినప్పుడు చాలా వెంట్రుకలు ఒక్కసారిగా పెరగడం ఆపేసి విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. కానీ ఆ రోజే ఊడవు. రెండు మూడు నెలలు కుదుట్లోనే ఉండి, కింద కొత్త వెంట్రుక తయారవుతుంటే అప్పుడు ఊడుతాయి. మీ జ్వరం సెప్టెంబరులో, రాలడం నవంబరులో. లెక్క సరిపోయింది. ఊడిన వెంట్రుక తీసి చివర చూడండి. గసగసంత తెల్లటి బొడిపె ఉంటే అది కుదురు నుంచి దానంతటది వదిలి వచ్చింది. బొడిపె లేకుండా మధ్యలో తెగినట్టుంటే అది విరగడం. ఆ రెండింటికీ కారణాలు వేరు.

దీనికి నూనె కారణం కాదు, మందూ కాదు. వెంట్రుక పుట్టే కుదురు చర్మంలో మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. దానికి ఆహారం రక్తం నుంచి అందుతుంది. మాడు మీద రాసిన నూనె అక్కడికి వెళ్లి పోషించదు. జ్వరం తర్వాతి రాలడం సాధారణంగా ఆరు నెలల లోపు దానంతటదే తగ్గుతుంది. ఈలోపు ఒకసారి హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్ చూపించుకోండి. అవి తక్కువ ఎక్కువలు ఉంటే మాత్రం కోలుకోవడం ఆలస్యమవుతుంది.

రెండోది చుండ్రు. దానికి ముందు నాకు మూడు సంగతులు చెప్పండి. పొట్టు ఎలా ఉంది? పొడిగా, తెల్లగా, పిండిలా రాలుతోందా, లేక పసుపు ఛాయలో జిడ్డుగా గోరుకింద అంటుకుంటోందా? కనుబొమల్లో, ముక్కు పక్కల కూడా ఎర్రబడి పొట్టు లేస్తోందా? చేతులు, కాళ్ల చర్మం కూడా పగిలి ఉందా?

శ్రీనుగారూ, మీది వేరే విషయం. మీరు చెప్పిన తీరులో పలచబడటం మగవాళ్లకు హార్మోను ప్రభావంతో, పుట్టుకతో వచ్చే గుణంతో జరిగేది. ఏ నూనెకీ లొంగదు. రెండేళ్లు ఆముదంతో పోయాయి, ఇంకా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి. మాడుకి రాసే మినాక్సిడిల్ లాంటి మందులు, ఉన్న జుట్టుని నిలబెట్టడంలో బాగా పనిచేస్తాయి, పోయినదాన్ని తేవడంలో అంతగా కాదు.

నల్లకలువ · డిసెంబరు 7, రాత్రి 8:50

మేడం, ఇప్పుడే చూసుకున్నాను. గోరుతో గీకితే పసుపు జిడ్డు, మైనంలా ముద్దగా వస్తోంది. కనుబొమల్లో కూడా ఉంది, అది చుండ్రేనని నాకు తెలియదు. చేతులు మామూలుగానే ఉన్నాయి. వెంట్రుకల చివర తెల్ల బొడిపె ఉంది. పది వెంట్రుకలు చూస్తే తొమ్మిదింటికి ఉంది.

బెజవాడ_చర్మవైద్యురాలు · డిసెంబరు 7, రాత్రి 9:35

అయితే మాడు ఎండిపోవడం కాదమ్మా. ఎండిన చర్మం పొట్టు పొడిగా ఉంటుంది, చలికి చేతులు కాళ్లు కూడా పగులుతాయి. జిడ్డు పొట్టు, కనుబొమలు, ముక్కు పక్కలు అంటే చుండ్రే.

మనందరి మాడు మీద మలసీజియా అని ఒక రకం ఈస్టు ఉంటుంది. దానికి సొంతంగా కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకునే శక్తి లేదు, మన చర్మం జిడ్డు తిని బతుకుతుంది. ప్రయోగశాలలో ఆ జాతిలో కొన్నిటిని పెంచాలంటే ఆలివ్ నూనె పొర పోసి పెంచుతారు. అది జిడ్డుని విరిచి తినగా మిగిలిన ముక్కలు చర్మాన్ని మండిస్తాయి, చర్మం తొందర తొందరగా పొట్టు విడుస్తుంది. ఇప్పుడు మీరు వారానికి మూడు రాత్రులు ఎనిమిదేసి గంటలు దానికి నూనె పళ్లెం పెట్టి, పైన తువ్వాలు కప్పి వెచ్చగా ఉంచుతున్నారు. నుదుటి మీద మొటిమలు కూడా ఆ నూనె దిండు మీంచి నుదుటికి అంటి వచ్చినవే అయ్యుంటాయి.

నూనె రాసిన రోజు పొట్టు కనబడదు, తడికి అణిగిపోతుంది. అందుకే అమ్మకి నూనె పనిచేసినట్టు అనిపిస్తుంది. రెండో రోజుకి తిరిగి లేస్తుంది.

నా సలహా: మాడు మీద నూనె నాలుగు వారాలు పూర్తిగా ఆపండి. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు. తడి మాడు మీద వేళ్లతో పట్టించి ఐదు నిమిషాలు ఆగి కడగండి. చాలామంది జుట్టుకి రుద్ది అర నిమిషంలో కడిగేసి "పనిచేయలేదు" అంటారు. ఆ ఐదు నిమిషాలే మందు. నాలుగు వారాల తర్వాత పది పదిహేను రోజులకొకసారి చాలు. పొట్టు మందంగా, వెండి రంగులో, నుదుటి అంచు దాటి బయటికి వస్తే మాత్రం అది చుండ్రు కాకపోవచ్చు, చూపించుకోవాలి.

గానుగ_ఎల్లయ్య · డిసెంబరు 8, ఉదయం 6:10

డాక్టరమ్మా, నూనె వద్దంటే ఎట్ల? వేల ఏండ్ల నుంచి పెడుతున్నం కద. మీరు చెప్పేదంతా రిఫైన్డ్ నూనెకు వర్తిస్తదేమో. గానుగ నూనెల సత్తువ ఉంటది. నేను కండ్లార చూసిన, బాలింతరాలుకి జుట్టు పోయి, మా వంటాముదం పెట్టినంక మళ్ల వచ్చింది.

బెజవాడ_చర్మవైద్యురాలు · డిసెంబరు 8, మధ్యాహ్నం 2:00

ఎల్లయ్యగారూ, మీరు చూసింది నిజమే. కానీ బాలింతలకి రాలడం కూడా ఇలాంటిదే. కాన్పయిన మూడో నెలలో మొదలై, ఏడాది లోపల దానంతటదే తిరిగొస్తుంది. ఆ సమయంలో తలకి ఏం రాసినా దానికే పేరొస్తుంది. నూనె రాయని బాలింతలకి కూడా వచ్చింది కదా, వాళ్లని ఎవరూ లెక్కపెట్టరు.

గానుగ నూనెలో వాసన, రుచి, కొన్ని సూక్ష్మ పదార్థాలు ఎక్కువ మిగులుతాయి, ఒప్పుకుంటాను. కానీ కొబ్బరినూనెలో జుట్టుకి పనికొచ్చే లారిక్ ఆమ్లం గానుగలోనైనా రిఫైన్డ్‌లోనైనా దాదాపు సగం పాలు ఉంటుంది. ఈస్టుకి కూడా గానుగదా మిల్లుదా అన్న పట్టింపు లేదు.

నేను నూనె వద్దనడం లేదు. మాడుకి వద్దు, జుట్టుకి పెట్టండి అంటున్నాను. జుట్టు మీద కొబ్బరినూనె చేసే మేలుకి ఆధారం ఉంది. 2003లో ముంబైలో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలు మూడిటినీ జుట్టు పాయలకి రాసి, కడిగి, దువ్వి, ఎంత ప్రోటీను ఊడిపోయిందో కొలిచారు. కొబ్బరినూనె రాసినప్పుడే నష్టం తగ్గింది, మిగతా రెండిటితో తగ్గలేదు. చేసినవాళ్లు కొబ్బరినూనె కంపెనీలో పరిశోధకులే, ఆ సంగతి కూడా చెప్పాలి. కానీ కారణం అర్థమయ్యేదే. లారిక్ ఆమ్లం చిన్నది, తిన్నటిది. వెంట్రుక లోపలికి దూరుతుంది. తలంటినప్పుడు వెంట్రుక నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఉబ్బడం, ముడవడం ఎక్కువైతే పైన పెంకులు లేచి విరుగుతుంది. లోపల నూనె ఉంటే ఉబ్బు తగ్గుతుంది. అందుకే తలంటుకి ముందు రాయడం.

డల్లాస్_శైలు · డిసెంబరు 8, సాయంత్రం 7:25

ఆముదం గురించి నా అనుభవం చెప్పాలి, ఎవరికైనా ఉపయోగపడుతుంది.

రెండేళ్ల క్రితం నాకు నడుము దాకా జుట్టు. ఇక్కడి నీళ్లకి పొడిబారుతోందని ఎవరో చెబితే ఆముదం సగం, కొబ్బరినూనె సగం కలిపి రాత్రి పట్టించి, కొప్పు పెట్టి పడుకున్నాను. పొద్దున షవరు కింద జుట్టంతా నెత్తి మీదకి కుప్పగా లాక్కుని, గుండ్రంగా రుద్ది షాంపూ చేశాను. ఐదు నిమిషాల్లో జుట్టు మొత్తం గట్టిగా బంతి కట్టింది. చిక్కు కాదు అది. చిక్కులో వేలు దూరుతుంది. ఇది కొబ్బరిపీచు చాపలా, రాయిలా గట్టిపడింది. మూడు గంటలు కండిషనరు పోసి, కొబ్బరినూనె పోసి, దువ్వెన మొనతో ఒక్కో వెంట్రుకా లాగాను. మా ఆయన కూడా కూర్చున్నాడు. చివరికి మెడ దగ్గర కత్తిరించాల్సి వచ్చింది. ఆ రోజు ఎంత ఏడ్చానో చెప్పలేను.

నల్లకలువా, నీదీ అదే సగం సగం కొలత. అందుకే రాస్తున్నా.

బెజవాడ_చర్మవైద్యురాలు · డిసెంబరు 8, రాత్రి 10:10

శైలుగారూ, మీకు జరిగినలాంటిదే మన దేశంలో ఒక ఇరవయ్యేళ్ల అమ్మాయికి జరిగితే 2017లో వైద్య పత్రికలో రాశారు. అక్కడా పొడుగాటి జుట్టు, ఆముదం, కొబ్బరినూనె. అక్కడా కత్తిరించాల్సి వచ్చింది. మీ తప్పేం లేదు, ఎవరూ ముందు చెప్పరు.

ఆముదంలో దాదాపు పదింట తొమ్మిది పాళ్లు రిసినోలిక్ ఆమ్లం, దానివల్లే ఎల్లయ్యగారు చెప్పిన తీగ సాగడం. అది వెంట్రుక లోపలికి పోదు, పైన పట్టుకుని కూర్చుంటుంది. నాలుగు వెంట్రుకలని ఒకచోట అంటిస్తుంది కాబట్టి జుట్టు లావుగా, నల్లగా మెరుస్తూ కనబడుతుంది. కనుబొమలకి రాస్తే ఒత్తుగా అనిపించేదీ అందుకే. కడిగేస్తే ఉన్నదే ఉంటుంది. జుట్టు పెంచుతుందని మనుషుల మీద సరిగా చేసిన పరీక్ష ఏదీ నేను చూడలేదు.

ఆముదం వాడాలనిపిస్తే మూడు చెంచాల కొబ్బరినూనెకి ఒక చెంచా మించొద్దు. రాశాక చిక్కు తీసి జడ అల్లుకోండి. తలంటేటప్పుడు జుట్టుని నెత్తి మీదకి పోగెయ్యొద్దు, నీళ్లు పైనుంచి కిందకి పారినట్టే చేయి కూడా పైనుంచి కిందకే.

తెనాలి_పిన్ని · డిసెంబరు 9, ఉదయం 11:00

అంతా బాగుంది కానీ నువ్వుల నూనె సంగతి ఎవరూ చెప్పలేదు. దీపావళికి, ఉగాదికి పెట్టేది అదే కదా. ఊరికే పెట్టారా పెద్దలు?

బెజవాడ_చర్మవైద్యురాలు · డిసెంబరు 9, మధ్యాహ్నం 1:45

పిన్నిగారూ, ఊరికే పెట్టలేదు. ఒళ్లంతా పట్టించే తలంటుకి నువ్వుల నూనె చక్కగా జారుతుంది, చలికాలంలో గడ్డకట్టదు, తొందరగా మక్కు వాసన రాదు. మర్దనకి అంతకన్నా ఏం కావాలి? కానీ జుట్టు విషయంలో దాని మీద చేసిన పరీక్షలు చాలా తక్కువ. 2003 పరీక్షలో అది లేనే లేదు. దాని కొవ్వుల తీరు పొద్దుతిరుగుడు నూనెకి దగ్గర కాబట్టి, అదీ బయటే ఉండిపోతుందని నా అంచనా. తెల్ల వెంట్రుకని నల్లబరచదు.

మీ పద్ధతిలో నాకు నచ్చేది ఇంకొకటుంది. మీరు పొద్దున పెట్టి పొద్దునే పోసేసుకునేవారు. వారానికొక్కసారి, గంటో రెండు గంటలో. ఇప్పటివాళ్లు రాత్రంతా, వారానికి మూడుసార్లు ఉంచేస్తున్నారు.

తెనాలి_పిన్ని · డిసెంబరు 9, మధ్యాహ్నం 3:10

అది నిజమే తల్లీ. నూనె తలతో పడుకుంటే మా అమ్మ తిట్టేది, దిండు పాడవుతుందని.

కాకినాడ_రాజు · డిసెంబరు 10, రాత్రి 9:00

మేడం, ఒక సందేహం. 2021లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో మన దేశపు ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం ఒకటి చదివాను. కొన్ని వారాలు కొబ్బరినూనె వాడితే మాడు మీద మంచి సూక్ష్మజీవులు పెరిగాయని ఉంది. చుండ్రు ఉన్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. మీరు చెప్పినదానికి అది ఎదురు కాదా?

బెజవాడ_చర్మవైద్యురాలు · డిసెంబరు 10, రాత్రి 10:30

మంచి ప్రశ్న. కొంత ఎదురే. లారిక్ ఆమ్లానికి కొన్ని సూక్ష్మజీవులను అణిచే గుణం కూడా ఉంది. కాబట్టి కొబ్బరినూనె ఈస్టుకి తిండి మాత్రమేనని నేను గట్టిగా అనలేను. కానీ ఆ అధ్యయనం కొబ్బరినూనెని చుండ్రు మందుతో పోల్చలేదు. ఎర్రబడి, దురదపెట్టి, కనుబొమల దాకా పాకిన చుండ్రు ఎదురుగా ఉన్నప్పుడు నేను మందుకే వెళ్తాను. తేలికపాటి పొట్టు ఉండి, నూనె రాసి అదే రోజు కడిగేసేవాళ్లకి ఇబ్బంది లేకపోతే ఆపమనను.

గానుగ_ఎల్లయ్య · డిసెంబరు 11, ఉదయం 6:20

అయితే కొబ్బరినూనెకు మీరు గూడ సగం ఒప్పుకున్నట్టే. ఆముదం సంగతి నేను ఇంకా ఒప్పుకోను. కని సగం సగం కలుపొద్దన్నది మాత్రం మా గిరాకీలకు ఇయ్యాల్టి నుంచి చెప్త. శైలు చెల్లె రాసింది చదివి పానం కలుక్కుమన్నది.

నల్లకలువ · ఫిబ్రవరి 15, రాత్రి 9:15

అందరికీ మళ్లీ నమస్కారం. ఏం జరిగిందో చెప్పాలి కదా.

మేడం చెప్పినట్టే షాంపూ వారానికి రెండుసార్లు, మొబైల్లో ఐదు నిమిషాల అలారం పెట్టుకుని వాడాను. మొదటి వారం ఏం తేడా లేదు. రెండో వారానికి దురద పోయింది. నాలుగో వారానికి గోరుతో గీకితే ఏమీ రాలేదు, కనుబొమలు మామూలయ్యాయి. నుదుటి మీద మొటిమలు కూడా తగ్గాయి. కానీ ఆ షాంపూకి జుట్టు గడ్డిలా అయింది. అందుకని తలంటుకి గంట ముందు రెండు చెంచాల కొబ్బరినూనె, చెవుల కింద నుంచి చివరల దాకా మాత్రమే రాస్తున్నాను. దువ్వితే విరిగే చిన్న ముక్కలు బాగా తగ్గాయి.

రాలడం డిసెంబరంతా అలాగే ఉంది. ఒక విషయం నాకు నేనే కనిపెట్టాను. మూడు రోజులకొకసారి తలంటితే ఒకేసారి గుప్పెడు రాలుతుంది, రోజు మార్చి రోజు అంటితే తక్కువ కనబడుతుంది. కాగితం మీద రాసుకుని కలిపితే రెండూ దాదాపు ఒకటే. అంటే ఊడినవి జుట్టులోనే చిక్కుకుని ఉండి తలంటు రోజు బయటపడుతున్నాయి. నూనె మర్దన చేసిన రోజు ఎక్కువ రాలి భయపడ్డది కూడా ఇందుకే. ఫెరిటిన్ తక్కువగా, 14 వచ్చింది, దగ్గర్లోని డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. జనవరి చివరి నుంచి రాలడం తగ్గింది. ఇప్పుడు నుదుటి అంచున వేలెడు కూడా లేని పిల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అమ్మ వాటిని చూసి నెల రోజులు పెట్టిన ఆముదం వల్లే అంటోంది!

ఒకటే ప్రశ్న మిగిలింది. వచ్చే నెల ఉగాది. అమ్మ నువ్వుల నూనెతో తలంటు పోస్తానంటోంది, ఒప్పుకోవాలనే ఉంది. మాడుకి పెట్టించుకోవచ్చా?

బెజవాడ_చర్మవైద్యురాలు · ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 1:30

చాలా సంతోషం. వేలెడు లేనివి అంటే నెలకి ఒక సెంటీమీటరు లెక్కన అవి మొలిచి మూడు నాలుగు నెలలైనట్టు. నవంబరులో పాత వెంట్రుక ఊడేటప్పుడే కిందనుంచి బయలుదేరాయి.

ఉగాదికి పెట్టించుకోండి. గంటలోపు పోసేసుకోండి. ఆ రోజు కుంకుడు రసం ఒక్కటే అయితే జిడ్డు మిగలొచ్చు, వేలితో మాడు రుద్ది చూడండి, జారుతుంటే మరోసారి షాంపూ పెట్టండి. పది రోజుల్లో దురద తిరిగొస్తే మీ మాడుకి ఆ కాస్త నూనె కూడా ఎక్కువేనని తెలుస్తుంది. వచ్చి రాయండి.

శ్రీను_1985 · ఫిబ్రవరి 16, రాత్రి 8:40

మేడం, నేను డాక్టరుకి చూపించుకున్నాను. మినాక్సిడిల్ మొదలుపెట్టి ఆరు వారాలు. ముందుకన్నా ఎక్కువ రాలుతోంది. ఆపేయాలా?

బెజవాడ_చర్మవైద్యురాలు · ఫిబ్రవరి 16, రాత్రి 9:50

ఆపొద్దు శ్రీనుగారూ. మొదటి రెండు నెలల్లో చాలామందికి అలాగే ఉంటుంది, పాతవి తొందరగా ఊడి కొత్తవాటికి దారిస్తాయి. ఫలితం చూడాలంటే కనీసం నాలుగు నెలలు. మాడు మీద మంట, పొక్కులు, గుండెదడ ఉంటే మాత్రం రాసిచ్చిన డాక్టరుకి వెంటనే చెప్పండి. అన్నట్టు, మందు రాసే మాడు మీద ఆముదం ఇంకా పెడుతున్నారా?

శ్రీను_1985 · ఫిబ్రవరి 16, రాత్రి 10:05

రాత్రి ఆముదం రాసి, దాని మీదే మందు రాస్తున్నాను మేడం.

బెజవాడ_చర్మవైద్యురాలు · ఫిబ్రవరి 16, రాత్రి 10:20

అయ్యో. రేపటి నుంచి ఆముదం మానేయండి. మందు పొడి మాడు మీద నేరుగా చర్మానికి తగలాలి. నాలుగు నెలల లెక్క రేపటి నుంచి మొదలుపెట్టుకోండి.